ఆరు శాఖల బడ్జెట్ ప్రతిపాదనలు, ఒకే షీట్: పెంచారా లేదా అన్నది దేనితో పోల్చి చెప్పాలి?

తర్లుపాడు నుంచి మాట్లాడుతున్నా. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే ఆఫీసుల్లో ఒక పని మొదలవుతుంది. వచ్చే ఏడాదికి ఎవరికి ఎంత డబ్బు కావాలో రాసి పంపమని అన్ని శాఖలకూ లెటర్ వెళ్తుంది. జవాబులు మాత్రం ఒక్క తీరుగా రావు. ఒకరు పీడీఎఫ్ పంపుతారు, ఒకరు ఎక్సెల్ పంపుతారు, ఇంకొకరు తెల్లకాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు. ఆఖరికి ఆఫీసులో వయసులో చిన్నవాళ్ళు, ఫోన్ బాగా వాడేవాళ్ళు ఎవరో చూస్తారు. "ఇవన్నీ కలిపి ఒక్క షీట్ చెయ్యి నాయనా. మొత్తాలు రావాలి, ఎందుకు అడిగారో ఉండాలి, ఎక్కడ మరీ ఎక్కువ పెంచారో కనపడాలి" అంటారు. ఆ "నాయనా" మీరే అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే.

చాలామంది దీన్ని టైపింగ్ పని అనుకుంటారు. టైపింగ్ అందులో చిన్న భాగం. అసలు కష్టం "ఎక్కువ పెంచారు" అనే మాట దగ్గర ఉంది. ఎక్కువ అంటే దేనికన్నా ఎక్కువ? ఈ ప్రశ్నకి తప్పు జవాబు పెట్టుకుంటే షీట్ ఎంత అందంగా ఉన్నా అబద్ధం చెప్తుంది. ఈ రోజు ఎక్కువసేపు దాని మీదే ఉంటాం.

ముందు ఒక నిజమైన లెక్క చూడండి. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల జీవన్ మిషన్ మీకు తెలుసు, 2019 ఆగస్టు 15న ప్రకటించారు. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో దానికి పెట్టిన అంచనా సుమారు 70,163 కోట్లు. కానీ ఏడాది సగం దాటాక ఖర్చు చూసి ఆ అంచనాని సవరించారు, అది 22,694 కోట్లకు దిగింది. తర్వాత 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారు పెట్టిన బడ్జెట్‌లో 2025-26కి 67,000 కోట్లు పెట్టారు. ఇప్పుడు చెప్పండి, ఇది పెరిగిందా తగ్గిందా? పోయిన ఏడాది అంచనాతో పోలిస్తే నాలుగున్నర శాతం తగ్గింది. సవరించిన అంచనాతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు అయింది. రెండూ నిజమే. ఎవరికి ఏది కావాలంటే అది హెడ్డింగ్ పెట్టుకోవచ్చు, పేపర్ల వాళ్ళు పెట్టుకున్నారు కూడా.

అందుకే ప్రభుత్వ బడ్జెట్ పుస్తకాల్లో ఒక్కో పద్దుకి నాలుగు అంకెలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది పోయిన ఏడాది అసలు ఖర్చు. రెండోది ఈ ఏడాది మొదట్లో ఇచ్చిన అంచనా. మూడోది ఈ ఏడాది సవరించిన అంచనా, అంటే మార్చి ఆఖరికి నిజంగా ఎంత అవుతుందన్నది. నాలుగోది వచ్చే ఏడాది అంచనా. కేంద్రమైనా, మన అమరావతి అయినా ఇదే వరస. మనం చేసే చిన్న షీట్‌కి కూడా ఇంతకంటే మంచి వరస నేను చూడలేదు.

సరే, ఒక మండల స్థాయి ఆఫీసు అనుకుందాం. ఆరు శాఖల నుంచి 2026-27కి ప్రతిపాదనలు వచ్చాయి, అన్నీ కలిపి 42 పద్దులు. ఇక్కడి నుంచి నేను చెప్పే రూపాయలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ ఆఫీసువీ కావు. కానీ పద్దులు మాత్రం మన మార్కాపురం, గిద్దలూరు వైపు ఎవరికైనా తెలిసినవే. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు, బోరు మోటార్ రిపేర్లు, పశువుల ఆసుపత్రి, అంగన్‌వాడీ భవనం.

గూగుల్ షీట్స్ ఫోన్‌లో తెరవండి. ఒక్కో పద్దుకి ఒక్క వరస, అంతే. శాఖ పేరు మధ్యలో పెద్ద అక్షరాలతో పెట్టి కింద పద్దులు రాయడం, గడులు కలిపేయడం, శాఖ అయిపోగానే కింద "మొత్తం" అని ఒక వరస వేయడం, ఇవేమీ వద్దు. శాఖ పేరు ప్రతి వరసలోనూ మళ్ళీ మళ్ళీ రాయండి. చూడ్డానికి విసుగ్గానే ఉంటుంది, కానీ తర్వాత వడపోత పెట్టినా, శాఖవారీ మొత్తం తీసినా అదే కాపాడుతుంది. మధ్యలో "మొత్తం" వరసలు ఉంటే కింద వేసే పెద్ద మొత్తం సరిగ్గా రెట్టింపు వస్తుంది. ఎప్పుడైనా మీ మొత్తం అనుకున్నదానికి సరిగ్గా రెండింతలు వస్తే ఇంక వేరే చోట వెతక్కండి, అదే.

కాలమ్స్ ఇలా పెట్టుకుందాం. A లో శాఖ, B లో పద్దు, C లో 2024-25 అసలు ఖర్చు, D లో 2025-26 కేటాయింపు, E లో 2025-26 మార్చి ఆఖరికి అయ్యే ఖర్చు, F లో ఆ ఖర్చులో ఒక్కసారికే పరిమితమైన భాగం, G లో వచ్చే ఏడాదికి అడిగింది. H, I, J మూడూ ఫార్ములాలు, వాటి సంగతి తర్వాత. K లో కారణం. L లో ఆ అంకె ఏ కాగితంలో, ఏ పేజీలో ఉందన్నది. ఈ L చాలామంది పెట్టరు. మీటింగ్‌లో "ఈ తొమ్మిది లక్షలు ఎక్కడి నుంచి తెచ్చావు?" అని అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అంకెలు ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఒక శాఖ "1,20,000/-" అని రాస్తుంది. మీరు కాపీ చేసి పేస్ట్ చేస్తారు. ఆ చివర్లో గీత ఉన్నందుకు షీట్ దాన్ని అంకెగా కాకుండా మాటగా తీసుకుంటుంది. మొత్తం వేసినప్పుడు ఆ గడిని దాటేసి వెళ్ళిపోతుంది, తప్పు అని కూడా చెప్పదు. దీన్ని పట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది.

```
=COUNTA(G2:G43)
=COUNT(G2:G43)
```

మొదటిది ఏదో ఒకటి రాసి ఉన్న గడులు లెక్కపెడుతుంది, రెండోది అంకెలు ఉన్న గడులు మాత్రమే. మొదటిది 42 అని, రెండోది 39 అని వస్తే మూడు గడులు మీ మొత్తంలో లేవన్నమాట. మీరు అమరిక ఏమీ మార్చకపోతే అంకెలు గడిలో కుడివైపుకి, మాటలు ఎడమవైపుకి జరిగి ఉంటాయి. వేలుతో కిందకి జరుపుతూ పోతే ఎడమవైపు ఉన్నవి కంటపడతాయి.

ఇంకో చిక్కు లక్షలది. ఒక శాఖ పైన చిన్నగా "లక్షల్లో" అని రాసి కింద 4.80 అని వేస్తుంది. మీరు 4.80 అనే ఎక్కిస్తే షీట్‌కి అది నాలుగు రూపాయల ఎనభై పైసలు. COUNT పరీక్షకి ఇది దొరకదు, ఎందుకంటే అది అంకే. `=COUNTIF(G2:G43,"<100")` అని వేసి చూడండి, వంద రూపాయల లోపు అడిగిన పద్దులు ఎన్నో చెప్తుంది. ఏ శాఖా వంద రూపాయల కోసం ప్రతిపాదన పంపదు కదా.

తర్వాత ప్రతి శాఖ పంపిన కవరింగ్ లెటర్ తీయండి. అందులో వాళ్ళు వేసుకున్న మొత్తం ఉంటుంది. మీ షీట్‌లో ఆ శాఖ మొత్తం ఇలా తీయండి.

```
=SUMIF(A2:A43,"నీటి సరఫరా",G2:G43)
```

లెటర్‌లో 31,40,000 ఉంది, మీ షీట్ 31,22,000 చూపిస్తోంది అనుకోండి. తేడా 18,000. దీన్ని 9తో భాగించి చూడండి, శేషం లేకుండా పోతుంది. అలా పోతే పక్కపక్క అంకెలు తారుమారు అయ్యాయేమో అని అనుమానించాలి. 86,000 బదులు 68,000 కొట్టారేమో చూడండి, ఆ రెంటికీ తేడా సరిగ్గా 18,000. పాతకాలం గుమాస్తాలకి ఇది కంఠతా వచ్చు. ఇది రుజువు కాదు, ముందు ఎక్కడ వెతకాలో చెప్పే సూచన. ఒక్కోసారి మీ టైపింగ్ సరిగ్గానే ఉండి, లెటర్‌లో వాళ్ళ కూడికే తప్పు ఉంటుంది. అప్పుడు మీరు సరిచేయకండి. వాళ్ళకి ఫోన్ చేసి, సరిచేసిన కాగితం తెప్పించుకుని, అప్పుడు మార్చండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీటి సరఫరా వాళ్ళ ట్యాంకర్ పద్దు తీసుకుందాం. మన పడమటి మండలాల్లో బోర్లు ఎండితే ఊళ్ళకి ట్యాంకర్లే దిక్కు, కాబట్టి ఈ పద్దు ప్రతి ఏడాదీ ఉంటుంది, ప్రతి ఏడాదీ గొడవా ఉంటుంది. 2025-26కి కేటాయింపు 8,00,000. వచ్చే ఏడాదికి 9,00,000 అడిగారు. ఎనిమిది నుంచి తొమ్మిదికి, పన్నెండున్నర శాతం. "పర్వాలేదులే, అన్నీ పెరుగుతున్నాయి" అనిపిస్తుంది.

కానీ ఎనిమిది లక్షలు ఖర్చు అయ్యాయా? ఏప్రిల్ నుంచి డిసెంబర్ వరకు తొమ్మిది నెలల్లో అయింది 5,40,000. ఇక్కడ చాలామంది చేసే లెక్క ఏంటంటే, తొమ్మిది నెలలకి ఇంత కాబట్టి పన్నెండు నెలలకి ఎంత అని. 5,40,000ని 9తో భాగించి 12తో గుణిస్తే 7,20,000. దానితో పోలిస్తే పెరుగుదల 25 శాతం. ఇందాకటికంటే ఎక్కువే, కానీ ఇదీ సరైన అంకె కాదు.

ఎందుకంటే ట్యాంకర్ ఖర్చు నెలనెలా సమానంగా ఉండదు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏప్రిల్, మే, జూన్ నెలల మంట అంతా ఆ తొమ్మిది నెలల్లోనే వచ్చేసింది. మిగిలిన జనవరి, ఫిబ్రవరిలో ట్యాంకర్లు తక్కువ తిరుగుతాయి, మార్చిలో కాస్త మొదలవుతాయి. అందుకని పోయిన ఏడాది ఆ మూడు నెలలకి ఎంత అయిందో రిజిస్టర్ చూడాలి. మన ఉదాహరణలో అది 90,000. ఈసారి కూడా అలాగే ఉంటుందనుకుంటే మార్చి ఆఖరికి మొత్తం 5,40,000 కి 90,000 కలిపి 6,30,000. ఇది E గడిలోకి వెళ్ళాల్సిన అంకె. దీనితో పోలిస్తే 9,00,000 అంటే 43 శాతం పెరుగుదల.

చూశారా, అదే పద్దు, అదే ప్రతిపాదన. కేటాయింపుతో పోలిస్తే పన్నెండున్నర, తిన్నగా సాగదీసిన లెక్కతో 25, సీజన్ చూసుకున్న లెక్కతో 43. ఒకవేళ మీ ఆఫీసులో ఇరవై శాతం దాటితేనే అడగాలని రూలు ఉంటే, మొదటి లెక్క వేసినవాళ్ళు ఈ పద్దుని చూడకుండా వదిలేస్తారు. జీతాల్లాంటి వాటికి తొమ్మిది నెలల్ని పన్నెండుకి సాగదీయొచ్చు, పెద్దగా తేడా రాదు. ట్యాంకర్లు, విత్తనాలు, స్కూలు తెరిచేటప్పుడు వచ్చే ఖర్చులు, ఇలా కాలాన్ని బట్టి వచ్చేవాటికి మాత్రం పోయిన ఏడాది అవే నెలలు చూడక తప్పదు.

కేటాయింపు కాలమ్ మరి ఎందుకు ఉంచాం అంటారా? ఇచ్చింది ఎనిమిది, వాడింది ఆరు లక్షల ముప్పై వేలు అని తెలియడానికి. ఏటా ఇచ్చినదాంట్లో మిగులుతూ, ఏటా ఇంకా ఎక్కువ అడుగుతుంటే అది వేరే కథ. డి, ఈ కాలమ్స్ పక్కపక్కన ఉంటే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా తిరగేసిన కేసు. పశువుల ఆసుపత్రి, మందులు పరికరాల పద్దు. ఈ ఏడాది ఖర్చు 3,00,000, వచ్చే ఏడాదికీ 3,00,000 అడిగారు. పెరుగుదల సున్నా. షీట్‌లో ఇంతకంటే బుద్ధిగా ఉన్న వరస ఇంకోటి కనపడదు. కానీ ఈ ఏడాది మూడు లక్షల్లో 1,20,000 పెట్టి వ్యాక్సిన్లకి ఫ్రిజ్, ఇంజెక్షన్ వేసేటప్పుడు గేదెను కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం కొన్నారు. దాన్ని ఆసుపత్రి వాళ్ళు ట్రెవిస్ అంటారు. అవి మళ్ళీ వచ్చే ఏడాది కొనరు కదా. వాటిని తీసేస్తే మామూలుగా నడిచే ఖర్చు 1,80,000. దాని మీద 3,00,000 అంటే 67 శాతం పెరుగుదల. అడిగినవాళ్ళు మోసం చేశారని కాదు. పోయినసారి వచ్చిన అంకెనే మళ్ళీ రాయడం అందరికీ అలవాటు, బహుశా ఈసారి మందులు నిజంగానే ఎక్కువ కావాలేమో. కానీ అడగకపోతే ఎలా తెలుస్తుంది? F కాలమ్ ఉన్నది దీనికే. బిల్లులు తిరగేసి, ఒక్కసారి కొన్న వస్తువుల్ని విడిగా రాసుకోవాలి.

బకాయిలది ఇంకో రకం తంటా. పంపుహౌస్ కరెంటు బిల్లు నెలకి 30,000 వస్తుంది అనుకోండి. డబ్బు లేక నాలుగు నెలల బిల్లు కట్టలేదు. ఖర్చు రిజిస్టర్‌లో కట్టినవే ఉంటాయి కాబట్టి ఏడాదికి 2,40,000 కనపడుతుంది. వచ్చే ఏడాదికి 4,80,000 అడిగారు. రెట్టింపు! ఎర్ర రంగు వేసేస్తాం. నిజానికి వాళ్ళు అడిగింది ఏడాది బిల్లు 3,60,000, పాత బకాయి 1,20,000. కరెంటు వాడకం యూనిట్ కూడా పెరగలేదు. ఇలాంటప్పుడు ఆ ఒక్క వరసని రెండు చేయండి. మామూలు బిల్లు ఒకటి, బకాయి ఒకటి. మామూలు బిల్లు వరసలో E గడిలో కట్టిన 2,40,000 కాదు, ఆ ఏడాదికి చెందిన 3,60,000 వేయండి. అప్పుడు పెరుగుదల సున్నా అని వస్తుంది, బకాయి మాత్రం కొత్త పద్దుగా బయటపడుతుంది. పై అధికారి చూడాల్సింది ఆ బకాయినే.

ఇప్పుడు ఫార్ములాలు. రెండో వరసలో వేసి కిందకి లాగండి. బకాయి వరస చేరింది కాబట్టి మన వరసలు ఇప్పుడు 44 దాకా వెళ్ళాయి, ఇందాకటి మొత్తాల్లో పరిధి కూడా మార్చుకోండి.

```
H2:  =G2-(E2-F2)
I2:  =IF(E2-F2=0,"కొత్త",H2/(E2-F2))
J2:  =IF(OR(I2="కొత్త",H2>=200000,
     AND(H2>=50000,N(I2)>=0.1)),"చూడాలి","")
```

H అంటే రూపాయల్లో పెరుగుదల, ఒక్కసారి ఖర్చు తీసేశాక. I అంటే శాతం. పాత ఖర్చు సున్నా అయితే సున్నాతో భాగించలేం కాబట్టి "కొత్త" అని రాస్తుంది. J గుర్తు పెట్టే గడి. రెండు లక్షలు, ఆపైన పెరిగితే శాతం ఎంతైనా చూడాలి. యాభై వేలు, ఆపైన పెరిగి, అది పది శాతమో అంతకన్నా ఎక్కువో అయితే చూడాలి. కొత్తదైతే ఎలాగూ చూడాలి.

శాతం ఒక్కటే ఎందుకు పెట్టలేదో చెప్తా. స్టేషనరీ 8,000 నుంచి 20,000 అడిగితే 150 శాతం. భవనాల మరమ్మతు 20,00,000 నుంచి 23,00,000 అడిగితే 15 శాతం. శాతం వరసలో పేర్చితే పెన్నులు, కాగితాలు పైన కూర్చుంటాయి, మూడు లక్షలు ఎక్కడో కింద దాక్కుంటాయి. మీటింగ్ అంతా పెన్నుల మీద గడిచిపోతుంది. నాకు తెలిసి చాలా మీటింగులు అలాగే గడుస్తాయి. ఈ రెండు లక్షలు, యాభై వేలు, పది శాతం అనే హద్దులు నేను ఉదాహరణకి పెట్టినవి. మీ మొత్తం బడ్జెట్ ఎంతో చూసి మీ పైవాళ్ళతో కూర్చుని పెట్టుకోండి. కాకపోతే ప్రతిపాదనలు చూడకముందే పెట్టుకోండి. చూశాక పెడితే, ఎవరి పద్దు గుర్తు పడకూడదో దాని పైన హద్దు గీయడం చాలా తేలిక.

ఇప్పుడు K, కారణం. ఇక్కడ శాఖలు రాసేవి చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. "ధరలు పెరిగినందున", "ప్రజల అవసరాల దృష్ట్యా", "అత్యవసరం". ట్యాంకర్లకి "వేసవిలో ప్రజలకు తాగునీరు అవసరం" అని రాశారు అనుకోండి. నిజమే, ఎవరు కాదన్నారు? కానీ అది ట్యాంకర్లు ఎందుకు కావాలో చెప్తుంది. 2,70,000 ఎక్కువ ఎందుకు కావాలో చెప్పదు. మనకి కావాల్సింది రెండోది.

దానికి పెరుగుదలని విడగొట్టి అడగాలి. ఈ ఏడాది ట్రిప్పుకి 600 చొప్పున 1,050 ట్రిప్పులు, అదే మన 6,30,000. వచ్చే ఏడాదికి ట్రిప్పుకి 750 చొప్పున 1,200 ట్రిప్పులు, అదే 9,00,000. ఇప్పుడు చూడండి. పాత ట్రిప్పులకే రేటు 150 పెరిగితే 1,57,500. పాత రేటుకే 150 ట్రిప్పులు పెరిగితే 90,000. పెరిగిన ట్రిప్పులకి పెరిగిన రేటు 22,500. మూడూ కలిపితే 2,70,000, సరిపోయింది. అంటే పెరుగుదలలో పెద్ద ముక్క నీళ్ళది కాదు, రేటుది. "ఊళ్ళో నీళ్ళు లేవంటే డబ్బు ఇవ్వరా" అని ఎవరైనా గట్టిగా మాట్లాడినా, మీ ప్రశ్న నీళ్ళ గురించి కాదు, 600 నుంచి 750కి ఎందుకు వెళ్ళారన్నది. దూరం పెరిగిందా? దగ్గర బోరు ఎండి ఇంకో ఊరి నుంచి తెస్తున్నారా? కొటేషన్లు తీసుకున్నారా? ట్రిప్పులకైతే ఏయే ఊళ్ళలో, ఏయే బోర్లు పోయాయో పేర్లతో జాబితా అడగండి.

శాఖ రాసిన కారణాన్ని మీరు అందంగా తిరగరాయకండి. కుర్రాళ్ళు మంచి మనసుతో చేసే పని ఇది. "ధరలు పెరిగినందున" అని ఉంటే బాగోలేదని "డీజిల్ ధరలు, నిర్వహణ వ్యయం పెరిగినందున" అని చేర్చేస్తారు. డీజిల్ మాట వాళ్ళు అనలేదు, మీరు అన్నారు. రేపు ఆడిట్‌లో ఆ కారణానికి కాగితం అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. వాళ్ళు రాసింది అలాగే ఉంచండి, కారణం రాకపోతే "కారణం రాలేదు" అని రాయండి.

ఇంకొక్క పని, దీనికి ఏ ఫార్ములా లేదు, కళ్ళే. పద్దు పేరు ఉన్న B కాలమ్ ప్రకారం పేర్చి, శాఖలు కలిసిపోయేలా చూడండి. అంగన్‌వాడీ మరుగుదొడ్డి మరమ్మతు అని మహిళా శిశు సంక్షేమం వాళ్ళు 2,40,000 అడిగారు. "ప్రభుత్వ భవనాల పారిశుధ్య పనులు" అని ఇంజనీరింగ్ వాళ్ళు 2,40,000 అడిగారు. పేర్లు వేరు, అంకె ఒకటే. ఒకే పనిని ఇద్దరూ రాసి ఉండొచ్చు. విడిగా ఏ శాఖ కాగితం చూసినా ఇది తప్పుగా కనపడదు. అన్నీ ఒకే చోట పేర్చే మీకే కనపడుతుంది. అయితే పేరు అక్షరం తేడా వచ్చినా పేర్చినప్పుడు దూరం దూరంగా పడతాయి, అందుకని అంకె ఉన్న G కాలమ్ ప్రకారం కూడా ఒకసారి పేర్చి చూడండి. పేర్చేటప్పుడు ఒక్క కాలమ్‌ని కాదు, షీట్ మొత్తాన్ని ఎంచుకోండి. లేకపోతే పద్దులు ఒక చోటికి, వాటి రూపాయలు ఇంకో చోటికి పోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ షీట్ చెప్పలేనిది కూడా ఉంది. గుర్తు పడని పద్దు సరైనదని అర్థం కాదు. కొన్నేళ్ళుగా అవసరం లేకుండా అదే ఖర్చు నడుస్తుంటే పెరుగుదల ఉండదు, గుర్తూ పడదు. అవసరం ఉండి తక్కువ అడిగిన శాఖ కూడా తప్పించుకుంటుంది. అందుకని H కాలమ్‌లో మైనస్‌లో ఉన్నవి కూడా ఒకసారి చదవండి. బోరు మోటార్ల రిపేర్లకి ఈ ఏడాది 2,80,000 అయితే వచ్చే ఏడాదికి 1,50,000 అడిగారంటే, అది పొదుపో, వేరే పేరుతో ఇంకో వరసలో "కొత్త" అని కూర్చుందో చూడాలి. పేరు మార్చిన పద్దు పాత చోట తగ్గుదలగా, కొత్త చోట కొత్తగా కనిపిస్తుంది. రెండూ కలిపి చూస్తేనే అసలు పెరుగుదల తెలుస్తుంది.

మన ట్యాంకర్ల వరస ఎలా ముగుస్తుందో చెప్పి ఆపేస్తా. మీరు నీటి సరఫరా వాళ్ళకి ఒక చిన్న మెసేజ్ పెట్టారు. "సార్, ట్యాంకర్ల పద్దు 6,30,000 నుంచి 9,00,000 అయింది. ఇందులో రేటు వల్ల వచ్చింది ఎక్కువ. ట్రిప్పుకి 750కి ఆధారం, అదనపు 150 ట్రిప్పులకి ఊళ్ళ జాబితా శుక్రవారంలోగా పంపగలరు." వాళ్ళు మూడు కొటేషన్లు తీసుకుని, తక్కువది 680 వచ్చిందని, సవరించిన ప్రతిపాదన 8,16,000 అని పంపారు. బోర్లు ఎండిన ఊళ్ళ జాబితా కూడా జత చేశారు. పాత 9,00,000 చెరిపేయకుండా, మొదటి ప్రతిపాదనని పక్కన ఇంకో కాలమ్‌లో ఉంచి, G లో 8,16,000 వేయండి. పెరుగుదల 1,86,000, దాదాపు ముప్పై శాతం. J లో "చూడాలి" అనే గుర్తు అలాగే ఉంటుంది, ఉండనివ్వండి. కారణం గడిలో ఇప్పుడు "రేటు 680, మూడు కొటేషన్లలో తక్కువది, 150 ట్రిప్పులు అదనం, ఊళ్ళ జాబితా జత" అని ఉంది. L లో పేజీ నంబర్ ఉంది. ఇస్తారా, తగ్గిస్తారా అన్నది మీటింగ్‌లో కూర్చున్నవాళ్ళ పని.

మీ దగ్గర షీట్‌లో ఏ వరస తేలకుండా ఉందో కామెంట్‌లో రాయండి, శాఖ పేరు తీసేసి రాయండి. ఉంటానండి.